గైడ్ గారికి రాసే ఉత్తరం

మేము కొండల నుంచి విశాఖపట్నానికి పరిశోధన కోసం వచ్చినవాళ్లం. మాలో ఒకరు అరకు వైపు, ఒకరు పాడేరు వైపు, ఒకరు చింతపల్లి వైపు. ఇంట్లో ఒక భాష, బళ్లో తెలుగు, ప్రయోగశాలలో ఇంగ్లీషు. కువి మాట్లాడేవాళ్లం ఉన్నాం, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లం ఉన్నాం. పరిశోధనలో చేరాక మాకు కష్టమనిపించింది లెక్కలూ కాదు, పరికరాలూ కాదు. చేసిన పని గురించి గైడ్ గారికి నాలుగు ముక్కలు రాసి, ఆయన దగ్గరో ఆవిడ దగ్గరో ఇరవై నిమిషాల సమయం తీసుకోవడం కష్టమనిపించింది.

చాలామందిమి ఉత్తరం రాయడం కన్నా గది బయట నిలబడటమే మేలనుకుంటాం. పొద్దున పదికి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడతాం. గైడ్ గారు క్లాసుకు వెళ్తారు, మీటింగుకు వెళ్తారు, ఫోన్ మాట్లాడుతూ వస్తారు. మనల్ని చూసి "ఏమ్మా, పని ఎలా ఉంది?" అంటారు. "బాగుంది సర్" అంటాం. దాంతో ఆ రోజు అయిపోతుంది. పెద్దవాళ్ల ముందు మన పని మనమే చెప్పుకోవడం మన ఇళ్లల్లో అంతగా అలవాటు లేని విషయం. అది మర్యాదే. కానీ అవతలివాళ్లకు ఆ మర్యాద "ఇతనికి అవసరం ఏమీ లేదు" అన్నట్టు కనిపిస్తుంది.

గైడ్ వైపు నుంచీ చూడాలి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది దాకా, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు పీహెచ్‌డీ విద్యార్థులు ఉండవచ్చు. ఎంఎస్సీ పాఠాలు, పరీక్షలు, కమిటీలు వేరే. మన పని మన తలలో రోజంతా తిరుగుతూ ఉంటుంది. వారి తలలో నెలకోసారి కూడా తిరగదు. మనం ఎక్కడ ఆగామో వారికి గుర్తుండదు, గుర్తుంచుకోనందుకు తప్పు పట్టలేం. అందుకే మన ఉత్తరం ముందు వారికి గుర్తు చేయాలి, తరువాత వారు ఏం చేయాలో చెప్పాలి.

ఇదంతా పైపైన చెబితే అర్థం కాదు. మాలో ఒక తమ్ముడి పనినే తీసుకుని చెబుతాం. అతని పేరూ చోటూ చెప్పడం లేదు. ఇక్కడ ఇచ్చిన కొలతలు కూడా ఉత్తరం ఎలా ఉండాలో తెలియడానికి సర్ది రాసినవే. వాటిని విశాఖ గాలి లెక్కగా ఎవరూ వాడుకోవద్దు.

ఆ తమ్ముడి పరిశోధన దుమ్ము మీద. మన అరకు లోయ గుండా వెళ్లే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం అందరికీ తెలుసు. 1960లలో వేసిన మార్గం అది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా కొండల్లో తవ్విన ఇనుప ఖనిజం ఆ దారిన విశాఖకు దిగుతుంది. చిన్నప్పుడు మేమంతా ఆ గూడ్సు బళ్ల పెట్టెలు లెక్కపెట్టినవాళ్లమే. ఆ ఖనిజం ఓడరేవు చేరాక దింపుతారు, గుట్టలు పోస్తారు, మళ్లీ ఓడలకు ఎక్కిస్తారు. బొగ్గూ అలాగే దిగుతుంది. గాలి వీచినప్పుడు రేవు పక్కనున్న పాత పట్నం ఇళ్ల డాబాల మీద నల్లగా, ఎర్రగా పొడి పేరుతుంది. ఆ పొడిలో ఊపిరితిత్తుల్లోకి పోగలిగినంత సన్నటి భాగం ఎంత, అందులో ఇనుము ఎంత, ఇది చలికాలంలో ఎక్కువా ఎండాకాలంలో ఎక్కువా అన్నది అతని ప్రశ్న.

సన్నటి దుమ్ము అంటే పది మైక్రోమీటర్ల లోపు రేణువులు, పీఎం10 అంటారు. కొలిచే యంత్రాన్ని డాబా మీద పెట్టి 24 గంటలు నడుపుతారు. అది గాలిని పీల్చి, పెద్ద దుమ్మును కింద గిన్నెలోకి వదిలేసి, సన్నటి దాన్ని పైనున్న గాజు నార ఫిల్టరు మీద పట్టుకుంటుంది. ఫిల్టరును ముందూ తరువాతా తూస్తారు. పెరిగిన బరువును పీల్చిన గాలి ఘనపరిమాణంతో భాగిస్తే ఒక ఘనమీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాముల దుమ్ము ఉందో వస్తుంది. మన దేశ ప్రమాణం ప్రకారం 24 గంటల సగటు 100 దాటకూడదు.

అతని దగ్గర యంత్రం ఒక్కటే. సోమవారం రేవు పక్క డాబా మీద, గురువారం రేవుకు దూరంగా ఉన్న ఇంకో డాబా మీద పెట్టేవాడు. మొదటిదాన్ని 'రేవు చోటు' అనీ, రెండోదాన్ని 'పోలిక చోటు' అనీ పిలుద్దాం. చలికాలం 13 వారాలు, ఎండాకాలం 13 వారాలు, మొత్తం 52 శాంపిళ్లు అతని ప్రణాళిక. ఏప్రిల్ వచ్చేసరికి పని బాగానే సాగుతోంది. అప్పుడే రేవు చోటు పక్కింటివాళ్లు పాత ఇల్లు కూలగొట్టి కొత్తది కట్టడం మొదలుపెట్టారు. ఇటుక పొడి, సిమెంటు, ఇసుక. ఆ తరువాత తీసిన రెండు శాంపిళ్లలో దుమ్ము ఒక్కసారిగా పెరిగింది.

ఇది చిన్న విషయం కాదు. అతను కొలవాలనుకున్నది రేవు దుమ్ము. ఇప్పుడు ఫిల్టరు మీద పడుతున్నది పక్కింటి దుమ్ము. మిగిలింది ఆరు వారాలు. జూన్‌లో వానలు దిగితే దుమ్ము అణిగిపోతుంది, ఎండాకాలం కొలతలు మళ్లీ తీయాలంటే ఇంకో ఏడాది ఆగాలి. పీహెచ్‌డీకి కోర్సువర్కుతో కలిపి మామూలు గడువు ఆరేళ్లు. ఫెలోషిప్ అన్నాళ్లు రాదు. ఏడాది పోతే మన ఇళ్లల్లో దాని బరువెంతో మనకు తెలుసు. చోటు మార్చడం తన ఇష్టప్రకారం చేసే పని కాదు. ఆమోదం పొందిన ప్రణాళికలో ఆ చోటు ఉంది. గైడ్ మేడం ఒప్పుకోవాలి.

అప్పుడు అతను రాసి మాకు చూపించిన ఉత్తరం ఇది.

"గౌరవనీయులైన మేడం గారికి, నమస్కారములు. మీ ఆశీస్సులతో నా పరిశోధన పని బాగా సాగుతోంది. శాంపిళ్లు తీస్తున్నాను, విశ్లేషణ జరుగుతోంది. ఫీల్డులో కొన్ని ఇబ్బందులు వచ్చాయి. వాటి గురించి మీతో చర్చించాలి. మీకు వీలైనప్పుడు దయచేసి సమయం ఇవ్వగలరు. మీ విధేయుడు."

ఈ ఉత్తరంలో అబద్ధం లేదు, అమర్యాద లేదు. కానీ దీనికి జవాబు రాదు, వచ్చినా "చూద్దాం" అని వస్తుంది. ఎందుకో ఒక్కో వాక్యం పట్టుకుని చూశాం. "బాగా సాగుతోంది" అన్నాక ఇక తొందరేమిటి అనిపిస్తుంది. "శాంపిళ్లు తీస్తున్నాను" అంటే ఎన్నింటికి ఎన్ని? నలభైకి ముప్పై ఏడా, నలభైకి నాలుగా? "కొన్ని ఇబ్బందులు" అంటే యంత్రం చెడిందా, ఇంటివాళ్లు వద్దన్నారా, డబ్బు చాలలేదా? "మీకు వీలైనప్పుడు" అన్నది అన్నిటికన్నా చెరుపు చేసే మాట. మనం మర్యాదగా అంటాం. తీరిక లేని మనిషికి వీలు ఎప్పుడూ ఉండదు. ఏ రోజు దాటితే పని చెడుతుందో చెప్పకపోతే ఆ రోజు దాటిపోతుంది.

ఆ సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుని అతన్ని అడగడం మొదలుపెట్టాం. మాలో తెలుగు శాఖలో పరిశోధన చేసే అక్క ఒకరున్నారు. ఆమెకు దుమ్ము సంగతి తెలియదు. అందుకే ఆమె అడిగిన ప్రశ్నలే పనికొచ్చాయి.

"ఎన్ని తీయాలి, ఎన్ని తీశావు తమ్ముడూ?" అని అడిగింది.

"ఈ రోజుకు నలభై కావాలక్కా. ముప్పై ఏడు పనికొస్తాయి. రెండుసార్లు కరెంటు పోయి యంత్రం ఎక్కువసేపు ఆగింది. ఒకసారి ఫిల్టరు చిరిగింది."

"దుమ్ము పెరిగిందంటున్నావు. ఎంత నుంచి ఎంతకు?"

"మార్చి నెలంతా రేవు చోటు దగ్గర 84 నుంచి 97 మధ్య ఉంది. ఏప్రిల్ 6న 138, 13న 144."

"గాలి ఎక్కువై పెరగలేదని ఎలా తెలుసు?"

అతను కాసేపు ఆలోచించాడు. "పోలిక చోటు దగ్గర అవే వారాల్లో పెరగలేదక్కా. మార్చిలో 66 నుంచి 78 మధ్య ఉండేది. ఇప్పుడు 71, 74. ఊరంతా దుమ్ము లేస్తే అక్కడా పెరగాలి కదా. ఇంకోటి, అంతకు ముందు ఫిల్టర్లు ఎర్రగా నల్లగా ఉండేవి. ఈ రెండూ బూడిద రంగులో ఉన్నాయి."

ఈ రెండు ముక్కలూ అతని మొదటి ఉత్తరంలో లేవు. మేడంకు కావలసినవి అవే. రంగు ఒక్కటే రుజువు కాదు, ఇనుమూ కాల్షియమూ ఎంతో పరీక్ష చేస్తేనే తేలుతుంది. కానీ పోలిక చోటు అంకెలతో కలిపి చూస్తే అనుమానానికి గట్టి ఆధారం ఉన్నట్టే.

ఇంకో సంగతి కూడా తేల్చుకోవాలి. 138 అనే అంకె సరైనదేనా? అంకె తప్పయితే మీటింగు మొత్తం దాని చుట్టూ తిరిగి వృథా అవుతుంది. మాలో రసాయన శాస్త్రం చదివే అన్న రిజిస్టరు తెప్పించి చూశాడు. ఫిల్టరు ముందు బరువు 2.8140 గ్రాములు, తరువాత 3.0326 గ్రాములు. పెరిగింది 0.2186 గ్రాములు. యంత్రం మొదలుపెట్టినప్పుడు నిమిషానికి 1.2 ఘనమీటర్ల గాలి పీల్చింది. దుమ్ము పేరుకుంటున్నకొద్దీ ఫిల్టరు బిగుస్తుంది, పీల్చే గాలి తగ్గుతుంది. ఆపేటప్పుడు 1.0 ఉంది. సగటు 1.1. రోజుకు 1440 నిమిషాలు కాబట్టి మొత్తం గాలి 1584 ఘనమీటర్లు. 0.2186 గ్రాములంటే 2,18,600 మైక్రోగ్రాములు. భాగిస్తే 138. మొదటి వేగం 1.2 నే రోజంతా పట్టుకుంటే 127 వచ్చేది, దుమ్మును తక్కువ చేసి చూపేది. తమ్ముడు రెండు వేగాలూ రాసి పెట్టుకున్నాడు, సగటే వాడాడు. ఫిల్టరును తూసే ముందు రెండుసార్లూ 24 గంటలు తేమ లేని పెట్టెలో ఉంచాడు. ప్రతిసారీ ఒక ఖాళీ ఫిల్టరును కూడా డాబా దాకా తీసుకెళ్లి, గాలి పీల్చకుండా తిరిగి తెచ్చి తూశాడు. దాని బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే తూకంలోనూ, ఫిల్టరు మోసుకెళ్లడంలోనూ లోపం లేదు. అంకె నిలబడింది.

"సరే, మేడం ఏం చేయాలి?" అని అక్క చివరగా అడిగింది.

"నాకు సలహా ఇవ్వాలి."

"సలహా అంటే ఏమిటి? ఆవిడ నీ ఉత్తరం చదివాక పెన్ను తీసుకుని చేయాల్సిన పని ఏమిటి?"

దీనికి జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. తవ్వితే తేలినది ఇది. మూడు వందల మీటర్ల దూరంలో ఇంకో డాబా ఉంది. ఇంటివాళ్లు ఒప్పుకున్నారు. కానీ పాత చోటు, కొత్త చోటు ఒకలాంటివేనా అని తేలాలంటే రెండింటి దగ్గరా ఒకే రోజు కొలవాలి. అందుకు రెండో యంత్రం కావాలి. వేరే శాఖ ప్రయోగశాలలో ఉంది, గైడ్ సంతకంతో ఉత్తరం ఇస్తే వారం ముందు చెప్పుకున్నవాళ్లకు ఇస్తారు. అంటే మేడం చేయాల్సినవి రెండే. చోటు మార్చడానికి అవుననో కాదనో చెప్పడం, యంత్రం కోసం ఒక సంతకం. ఆ సంతకం శుక్రవారం లోపు కావాలి, లేకపోతే ఇంకో వారం పోతుంది. మిగిలినవి ఆరు వారాలే.

ఇక్కడికి వచ్చాక ఉత్తరం రాయడానికి పావుగంట పట్టింది. ఇంగ్లీషులో పంపాడు, తెలుగులో ఇలా ఉంటుంది.

"విషయం: పీఎం10 శాంప్లింగ్ చోటు మార్పు, ఏప్రిల్ 24 శుక్రవారం లోపు మీ నిర్ణయం, 20 నిమిషాల సమయం కోసం.

మేడం గారికి నమస్కారం.

రేవు పక్క డాబాకు ఆనుకుని ఇంటి నిర్మాణం మొదలైంది. ఆ దుమ్ము నా ఫిల్టర్ల మీద పడుతోందని అనుమానం. చోటు మార్చాలా వద్దా అన్నదానిపై 24వ తేదీ లోపు మీ నిర్ణయం కోరుతున్నాను.

ఇప్పటిదాకా పని: ప్రణాళికలో మొత్తం 52 శాంపిళ్లు. ఈ రోజుకు 40 కావాలి, 37 పనికొచ్చేవి ఉన్నాయి. మూడు వదిలేశాను, రెండు కరెంటు పోయినందుకు, ఒకటి ఫిల్టరు చిరిగినందుకు. ఎండాకాలానికి ఇంకా ఆరు వారాలు, 12 శాంపిళ్లు మిగిలాయి.

సమస్య: రేవు చోటు దగ్గర మార్చిలో అయిదు కొలతలూ 84 నుంచి 97 మధ్య ఉన్నాయి. నిర్మాణం మొదలయ్యాక 138, 144 వచ్చాయి. పోలిక చోటు దగ్గర అవే వారాల్లో 71, 74, అంటే మార్పు లేదు. కొత్త ఫిల్టర్లు బూడిద రంగులో ఉన్నాయి. యంత్రం వేగం, తూకం, ఖాళీ ఫిల్టరు సరిచూశాను. రిజిస్టరు పేజీ జత చేశాను.

నాకు తోచిన దారులు రెండు. ఒకటి, ఇక్కడే కొనసాగి ఈ శాంపిళ్లకు గుర్తు పెట్టి, కాల్షియం పరీక్షతో నిర్మాణపు దుమ్మును వేరు చేయడం. రెండు, 300 మీటర్ల దూరంలోని డాబాకు మారడం. ఇంటివారు ఒప్పుకున్నారు. మారే ముందు రెండు చోట్లా ఒకే రోజు కొలవడానికి రెండో యంత్రం కావాలి, దానికి మీ సంతకంతో ఉత్తరం కావాలి. ముసాయిదా జత చేశాను. రెండోది మేలని నా అభిప్రాయం, ఎందుకంటే కాల్షియం సహజ మట్టిలోనూ ఉంటుంది, దానితో పూర్తిగా వేరు చేయలేమేమో.

బుధవారం 22న మధ్యాహ్నం మూడు తరువాత గానీ, గురువారం 23న పొద్దున పదకొండు లోపు గానీ మీకు కుదిరితే వచ్చి కలుస్తాను. రిజిస్టరు, ఫిల్టర్లు తీసుకొస్తాను."

ఉత్తరం శుక్రవారం సాయంత్రం వెళ్లింది. శనివారం పొద్దున్నే జవాబు వచ్చింది. రెండే ముక్కలు. "బుధవారం మూడున్నర. ఫిల్టర్లు తప్పకుండా తీసుకురా."

మొదటి ఉత్తరం, రెండో ఉత్తరం రాసింది ఒకే మనిషి. పని కూడా అదే. రెండోది చదివినవాళ్లకు వెంటనే తెలిసేవి నాలుగు: ఎంత అయింది, ఏం కనబడింది, ఎక్కడ ఆగింది, నేను ఏ రోజులోగా ఏం చేయాలి. కావలసిన పని పైనే ఉంది, కారణాలు కిందున్నాయి. మనం సాధారణంగా తిరగేసి రాస్తాం. పుట్టు పూర్వోత్తరాల నుంచి మొదలుపెట్టి చివరి వాక్యంలో అడుగుతాం. అప్పటికి చదివేవారు ఇంకో ఉత్తరానికి వెళ్లిపోయి ఉంటారు.

"నా అభిప్రాయం ఇది" అని రాయడానికి తమ్ముడు చాలా జంకాడు. గైడ్‌కు మనం చెప్పడమేమిటి అన్నాడు. అక్క నచ్చజెప్పింది. అభిప్రాయం రాస్తే గైడ్ దాన్ని ఒప్పుకోవచ్చు, కొట్టేయవచ్చు, రెండూ క్షణంలో పని. అభిప్రాయం లేకుండా సమస్య మాత్రమే పెడితే మొత్తం ఆలోచన ఆవిడ నెత్తిన పెట్టినట్టు. తీరిక దొరికినప్పుడు చూద్దామని అలాంటి ఉత్తరాలే పక్కకు వెళ్తాయి.

బుధవారం మీటింగులో జరిగినది కూడా చెప్పాలి, ఎందుకంటే ఉత్తరం మీటింగు దాకా తీసుకెళ్తుందే గానీ మీటింగు చేసే పని చేయదు. మేడం ఫిల్టర్లు పక్కపక్కన పెట్టి చూసి, చోటు మార్చడానికి ఒప్పుకున్నారు. కానీ అతని ప్రణాళికలో మాకెవరికీ తట్టని లోపం పట్టుకున్నారు. సోమవారం రెండు చోట్లా కొలిస్తే పాత చోటు దగ్గర పక్కింటి దుమ్ము కూడా కలుస్తుంది. అప్పుడు కనబడే తేడా చోటు వల్లా, సిమెంటు వల్లా అని ఎలా చెబుతావు అన్నారు. పక్కింటి పని ఆదివారం ఆగుతుంది కాబట్టి ఆ రోజు, ఒకటికి రెండు ఆదివారాలు రెండు యంత్రాలూ నడపమన్నారు. పోగుపడిన సిమెంటు పొడి ఆదివారం కూడా కొంత లేస్తుంది కాబట్టి ఆ ఫిల్టర్లలో కాల్షియం చూడమన్నారు. ఏప్రిల్ 6, 13 కొలతలను పారేయవద్దు, కారణం రాసి విడిగా ఉంచమన్నారు. ఉత్తరం మీద సంతకం పెట్టారు. అంతా కలిపి పాతిక నిమిషాలు. సమస్యను అర్థం చేసుకోవడానికే ఆ సమయం పోయి ఉంటే ఆదివారం మాట వచ్చేదే కాదు.

ఆ రాత్రే అతను ఇంకో చిన్న ఉత్తరం పంపాడు. మీటింగులో తేలిన మూడు విషయాలు, ఏది ఏ తేదీకి చేస్తాడో, అంతే. ఇది చాలామంది చేయరు. నెల తరువాత "నేను అలా చెప్పానా?" అనే మాట వచ్చినప్పుడు ఈ ఉత్తరమే ఇద్దరికీ గుర్తు. సెమిస్టరుకోసారి పరిశోధన సలహా కమిటీ ముందు పని ప్రగతి చెప్పాలని యూజీసీ నిబంధన ఉంది. తృప్తి లేకపోతే కమిటీ కారణాలు రాసి దిద్దుబాటు చెబుతుంది, అదీ జరగకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫారసు చేయవచ్చు కూడా. ఆ రోజు "చోటు ఎందుకు మార్చావు?" అని అడిగితే చూపడానికి తేదీతో సహా కాగితం ఉంటుంది.

ఇలా రాసినా జవాబు రాని రోజులుంటాయి. ఒకరికి మా ముందే అలా జరిగింది. అప్పుడు కొత్త ఉత్తరం రాయవద్దు. మూడు పని దినాలు చూసి, అదే ఉత్తరాన్ని పైన ఒక్క వాక్యంతో మళ్లీ పంపాలి: "మేడం, శుక్రవారం లోపు నిర్ణయం కావాలి, లేకపోతే ఈ వారం పాత చోటే కొనసాగిస్తాను." జవాబు రాకపోతే తాను ఏం చేస్తాడో చెప్పడం బెదిరింపు కాదు. అది ఆవిడకు సమాచారం. అయితే ఆ చేసే పని వెనక్కి తీసుకోగలిగినదై ఉండాలి. చెప్పకుండా చోటు మార్చేయడం అలాంటిది కాదు. అప్పటికీ రాకపోతే ఉత్తరం కాగితం మీద తీసి గది దగ్గరకు వెళ్లాలి. అప్పుడు గది బయట నిలబడటానికి అర్థం ఉంటుంది, "పని ఎలా ఉంది?" అంటే చేతిలో కాగితం ఇవ్వవచ్చు.

ఒక ఉత్తరంలో ఒకే నిర్ణయం అడగాలి. తమ్ముడికి అదే వారం ఫెలోషిప్ కాగితం మీద కూడా సంతకం కావాలి. దాన్ని ఇందులో కలపబోయాడు, మేము వద్దన్నాం. రెండు కలిపితే సులువైనదానికి జవాబు వస్తుంది, కష్టమైనది ఉండిపోతుంది. సంతకం సులువు. చోటు మార్పు ఆలోచించాల్సినది. సంతకం కోసం విడిగా రెండు వాక్యాలు రాశాడు.

వదిలేసిన మూడు శాంపిళ్ల సంగతి రాయకుండా ఉంటే బాగుంటుందని కూడా అతనికి అనిపించింది. నలభైకి ముప్పై ఏడు అంటే తక్కువగా కనిపిస్తుందని. కానీ కారణంతో సహా చెప్పిన మూడు వల్ల మిగతా ముప్పై ఏడు నమ్మదగినవయ్యాయి. కరెంటు నెలల తరబడి ఒక్కసారీ పోలేదంటే ఈ ఊళ్లో ఎవరూ నమ్మరు.

ఉత్తరం స్పష్టంగా ఉందో లేదో తెలుసుకోవడానికి మేము ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. వేరే విషయం చదివేవారికి ఇచ్చి ఒక నిమిషం చదవమంటాం. తరువాత కాగితం తీసేసుకుని అడుగుతాం: "నువ్వే గైడువైతే ఎప్పటిలోగా ఏం చేయాలి?" జవాబు చెప్పగలిగితే పంపుతాం. "ఏదో ఇబ్బంది ఉన్నట్టుంది" అంటే మళ్లీ రాస్తాం. ఇంగ్లీషు తప్పులు ఆ తరువాత దిద్దుకుంటాం. ముందు ఇంటి భాషలో నోటితో చెప్పించి, ఆ చెప్పిన వరుసలోనే ఇంగ్లీషులో పెడితే వాక్యాలు చిన్నవిగా వస్తాయి, తప్పులూ తక్కువ.

ఆశ్రమ పాఠశాలల్లో, జూనియర్ కాలేజీల్లో పనిచేసే మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మాట. సెలవు చీటీ రాయించేటప్పుడు "ఒంట్లో బాగోలేనందున" అనే వాక్యం పిల్లలందరి చేత ఒకేలా రాయిస్తాం. దాని బదులు ఏమైంది, ఎన్ని రోజులు, ఏ రోజు తిరిగి వస్తాను, పోయిన పాఠం ఎలా రాసుకుంటాను అని వాళ్ల మాటల్లో రాయిస్తే చాలు. పదేళ్ల తరువాత ఆ పిల్లే ఏదో ఒక గది బయట నిలబడాల్సి వచ్చినప్పుడు, లోపలికి ముందు ఏ కాగితం పంపాలో ఆమెకు తెలిసి ఉంటుంది.

మే నెలలో ఆ తమ్ముడు రెండు ఆదివారాలూ రెండు డాబాల మధ్య సైకిల్ మీద తిరిగాడు. కొత్త డాబా మీద మొదటి ఫిల్టరు తీసినప్పుడు మాకు ఫోటో పంపాడు. అది ఎర్రగా, నల్లగా ఉంది.